వడ్డీతో సహా మొత్తం అని రాయండి

ప్రశ్న: 2013 నుంచి 2017 దాకా తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేశాను. జీతం కోసం వాళ్లు తెరిపించిన సేవింగ్స్ ఖాతాలో 18,640 రూపాయలు అలాగే ఉండిపోయాయి. 2017 మార్చి తర్వాత దాని జోలికి వెళ్లలేదు. తర్వాత పెళ్లయింది. ఇంటిపేరు మారింది, ఫోను నంబరూ మారింది. ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను, ఇక్కడ వేరే బ్యాంకులో ఖాతా ఉంది. పాతది మూసేసి ఆ డబ్బు ఇందులోకి తెచ్చుకోవాలి. బ్యాంకుకు ఏమని రాయాలి? ఏ గుర్తింపు పత్రాలు తీసుకెళ్లాలి? నిజంగా మూసేశారని నాకు ఆధారం ఏమిటి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం:

అమ్మా, ఆ 18,640 అంకెను మనసులోనే ఉంచుకోండి. బ్యాంకుకు ఇచ్చే దరఖాస్తులో మాత్రం రాయకండి.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న నేనే ఈ తప్పు చేశాను. పదవీ విరమణ తర్వాత నా పాత ఖాతా ఒకటి మూయించడానికి ఒక శాఖకు వెళ్లి, పాసుపుస్తకంలో కనబడిన 9,300 రూపాయలను ఫలానా ఖాతాకు పంపి దీన్ని మూసేయండి అని రాసిచ్చాను. కౌంటరులో ఉన్న కుర్రవాడు రాసింది రాసినట్టే చేశాడు. 9,300 పంపాడు. పాసుపుస్తకంలోకి ఇంకా ఎక్కని వడ్డీ 212 రూపాయలు ఖాతాలో మిగిలింది. డబ్బు మిగిలి ఉన్న ఖాతాను కంప్యూటర్ మూయనివ్వదు. అతను కాగితం పక్కన పెట్టాడు, నేను పని అయిందనుకుని ఇంటికి వచ్చాను. కనీస నిల్వ లేదని ఆ 212లోంచి జరిమానా కోసినట్టు ఫోనుకు సందేశం వచ్చేదాకా ఆ ఖాతా బతికే ఉందని నాకు తెలియదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఖాతాదారు స్వయంగా ఏ లావాదేవీ చేయకుండా రెండేళ్లు దాటితే దాన్ని నిష్క్రియ ఖాతా అంటారు. కౌంటరు దగ్గర మాత్రం డార్మెంట్ అయిపోయిందమ్మా అంటారు. బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ, కోసుకునే రుసుము లావాదేవీ కిందికి రావు. నిష్క్రియ ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదని, వడ్డీ మాత్రం ఎప్పటిలాగే జమ చేస్తూ ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే నిద్రపోతున్న ఖాతాకు ఒక రక్షణ ఉంది. మనం వెళ్లి లేపిన క్షణాన ఆ రక్షణ పోతుంది. లేపి, సగం పని చేసి వదిలేస్తే అది మామూలు ఖాతాగా మారి కనీస నిల్వ అడుగుతుంది. నాకు జరిగింది అదే. అందుకే ఖాతాను లేపడం, ఖాళీ చేయడం, మూయడం అనే మూడు పనులూ ఒకే కాగితంలో, ఒకదాని వెంట ఒకటిగా అడగాలి.

ఇప్పుడు మీ ఖాతాలో ఎంత ఉండవచ్చో చూద్దాం. ఏడాదికి మూడు శాతం చొప్పున లెక్కేసినా 18,640 మీద ఏటా సుమారు 560 రూపాయల వడ్డీ పడాలి. ఇన్నేళ్లకు అది నాలుగు వేలు దాటుతుంది. అయితే అటువైపు కోత కూడా ఉండి ఉండవచ్చు. జీతం ఖాతాలో కొన్ని నెలలు జీతం పడకపోతే బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేస్తుంది. కాబట్టి 2017 మధ్య నుంచి 2019 మార్చి దాకా, ఖాతా ఇంకా నిష్క్రియం కాని ఆ రోజుల్లో, డెబిట్ కార్డు రుసుము, సందేశాల రుసుము కోసుకుని ఉండవచ్చు. నిల్వ ఆ బ్యాంకు పెట్టిన పరిమితికి తగ్గి ఉంటే జరిమానా కూడా పడి ఉండవచ్చు. అది వాళ్ల హక్కే. 2019 తర్వాత మాత్రం కనీస నిల్వ జరిమానా ఒక్కటి కనబడినా తిరిగి జమ చేయమని అడగండి. ఇది తెలియాలంటే 2017 మార్చి నుంచి స్టేట్‌మెంటు చేతికి రావాలి. ఖాతా మూసేశాక ఆ కాగితం తీయించుకోవడం పెద్ద తిరుగుడు, కాబట్టి అదీ అదే దరఖాస్తులో అడగాలి.

పదేళ్లు కదలని ఖాతాలోని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి పంపేస్తాయి. మీ ఖాతాకు ఆ గడువు 2027 మార్చి. ఆ తేదీ దాటినా డబ్బు మీదే, అడగవలసింది మీ బ్యాంకునే. కాకపోతే బ్యాంకు ముందు మీకు ఇచ్చి, తర్వాత ఆ నిధి నుంచి రాబట్టుకోవాలి కాబట్టి ఇంకో మెట్టు పెరుగుతుంది.

బయలుదేరే ముందు ఇంట్లోనే తేల్చుకోవలసినవి రెండున్నాయి. మొదటిది బ్యాంకు పేరు. మీ పాసుపుస్తకం మీదున్న బ్యాంకు ఇప్పుడు ఆ పేరుతో ఉందో లేదో చూడండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజున కెనరా బ్యాంకులో కలిశాయి. చిత్తూరు ప్రధాన కార్యాలయంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. విలీనమైన చోట పక్కపక్కనున్న రెండు శాఖలను ఒకటి చేయడం మామూలే. మీరు ఎరిగిన వీధిలో ఆ బోర్డు లేకపోతే కంగారు పడకండి. కొత్త బ్యాంకు ఏ శాఖకైనా వెళ్లి పాత ఖాతా సంఖ్య చెబితే అది ఇప్పుడు ఎక్కడుందో కంప్యూటర్‌లో చూసి చెబుతారు. దరఖాస్తు పైన ఇప్పటి పేరు రాయండి, పాత పేరు పక్కన ‘పూర్వపు’ అని చేర్చండి.

రెండోది, ఎవరూ గుర్తుపెట్టుకోనిది, ప్రావిడెంట్ ఫండ్. ఆ నాలుగేళ్లు మీ జీతంలో పీఎఫ్ కోసి ఉంటే మీ పీఎఫ్ సభ్యత్వ సంఖ్య అయిన యూఏఎన్‌లో ఈ ఖాతానే నమోదై ఉండే అవకాశం ఎక్కువ. ఆ డబ్బు మీరు ఇంకా తీసుకోకపోతే ముందు అక్కడ చిత్తూరు ఖాతాను నమోదు చేయించి, అది ఆమోదం పొందాకే పాతది మూయించండి. మూసేసిన ఖాతాకు పంపిన పీఎఫ్ డబ్బు వెనక్కి వెళ్తుంది, దాన్ని మళ్లీ రప్పించుకోవడానికి నెలలు పట్టిన వాళ్లను చూశాను. బీమా ప్రీమియం లాంటివి ఈ ఖాతా నుంచి కోత పెట్టుకుని ఉంటే అవి ఈపాటికే ఆగిపోయి ఉంటాయి, వాటి గురించి ఆలోచించనవసరం లేదు.

ఇక గుర్తింపు పత్రాలు. మీ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. బ్యాంకు పుస్తకాల్లో మీరు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నారు, ఉదాహరణకు కె. అనే అక్షరంతో. మీ ఆధార్‌లో, చిత్తూరు ఖాతాలో పి. అని ఉంది. కౌంటరులో ఉన్న ఉద్యోగికి మీరెవరో తెలియదు. కె. గారి డబ్బును పి. గారికి పంపమంటున్నారు ఈవిడ అనే కనబడుతుంది. అతను జంకితే తప్పు పట్టలేం. ఆ రెండు పేర్లనూ కలిపే ప్రభుత్వ కాగితం ఒకటి మీరే ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం గానీ, పేరు మార్పును ప్రకటించిన గెజెట్ గానీ చూపితే పాత పేరుతో ఉన్న గుర్తింపు పత్రం కూడా చెల్లుతుందని కేవైసీ నిబంధనల్లోనే ఉంది. శుభలేఖ తెచ్చి చూపేవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. దానికి నాలుగు మూలలా పసుపు ఉంటుంది గానీ ప్రభుత్వ ముద్ర ఉండదు. పెళ్లిని ఇంకా నమోదు చేయించుకోకపోతే ఆ పని ముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పూర్తి చేసుకోండి. పాత పేరుతో ఓటరు కార్డో, డ్రైవింగ్ లైసెన్సో, పాస్‌పోర్టో ఇంట్లో ఎక్కడైనా ఉంటే దాన్నీ పట్టుకెళ్లండి, ఉద్యోగి సందేహం సగం అక్కడే తీరుతుంది.

తీసుకెళ్లవలసినవి చెబుతాను. ఆధార్ గానీ పైన చెప్పిన వాటిలో ఇంకోటి గానీ, పాన్ కార్డు, వివాహ ధ్రువపత్రం, ఇవన్నీ అసలు ప్రతులూ నకళ్లూ. ఈ మధ్య తీయించుకున్న ఫోటోలు రెండు. పాత పాసుపుస్తకం, మిగిలిన చెక్కులు, డెబిట్ కార్డు. చిత్తూరు ఖాతా నుంచి రద్దు చేసిన చెక్కు ఒకటి, చెక్కు పుస్తకం లేకపోతే పాసుపుస్తకం మొదటి పేజీ నకలు. ఆధార్ నకలు మీద మొదటి ఎనిమిది అంకెలను నల్ల సిరాతో కొట్టేయవచ్చు, అసలు ఎలాగూ చూపిస్తారు. ప్రతి నకలు మీదా అడ్డంగా, అక్షరాల మీదుగా వెళ్లేలా, ‘ఖాతా నం. ఫలానా మూసివేత కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. ఖాళీ అంచులో రాస్తే కత్తిరించవచ్చు.

సంతకం గురించి ఒక మాట. 2013లో మీరు చేసిన సంతకం బ్యాంకు కంప్యూటర్‌లో ఉంటుంది. ఇప్పుడు ఇంటిపేరు మారి సంతకమూ మారి ఉంటే, దరఖాస్తు కింద ముందు పాత సంతకం, దాని పక్కన ఇప్పటిది, రెండూ చేయండి. పాత సంతకం చెయ్యి మరిచిపోయి ఉంటే ఇంట్లో పాత కాగితాల్లో వెతికి నాలుగుసార్లు రాసి చూసుకోండి. కుదరకపోతే శాఖలో ఉద్యోగి ఎదుట కొత్త నమూనా సంతకం ఇవ్వవచ్చు. ఫోను నంబరు మార్పుకు కూడా అక్కడే చిన్న కాగితం ఉంటుంది. మూసేసే ఖాతాకు నంబరు ఎందుకు అనుకోకండి. ఖాతా మళ్లీ పనిచేస్తోందన్న సందేశమూ, డబ్బు వెళ్లిందన్న సందేశమూ నమోదైన నంబరుకే వస్తాయి. మీ పాత నంబరు ఈపాటికి ఇంకెవరి చేతిలోనో ఉండి ఉంటుంది.

దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. ఇలా రాయండి:

శాఖా మేనేజరు గారికి,
(బ్యాంకు ఇప్పటి పేరు, పూర్వపు పేరు, శాఖ), తిరుపతి.

విషయం: నిష్క్రియంగా ఉన్న సేవింగ్స్ ఖాతా నం. ........ ను పునరుద్ధరించి, పూర్తి సొమ్మును బదిలీ చేసి, ఖాతాను మూసివేయడం గురించి.

అయ్యా,

పై ఖాతా మీ శాఖలో కె. ........ అనే పేరుతో ఉన్న నా ఖాతా. 2017 మార్చి తర్వాత ఇందులో నేను లావాదేవీలు చేయలేదు. వివాహానంతరం నా పేరు పి. ........ గా మారింది. ఈ రెండు పేర్లూ నావే. వివాహ ధ్రువపత్రం నకలు జతచేశాను.

ఈ ఖాతాను మూసివేయడం కోసం మాత్రమే కేవైసీ పత్రాలు సమర్పిస్తున్నాను. ఖాతాను పునరుద్ధరించి, మూసివేసే తేదీ వరకు రావలసిన వడ్డీతో సహా ఖాతాలో ఉన్న పూర్తి మొత్తాన్ని కింద తెలిపిన నా ఖాతాకు నెఫ్ట్ ద్వారా బదిలీ చేసి, నిల్వ సున్నా అయిన వెంటనే ఖాతాను శాశ్వతంగా మూసివేయవలసిందిగా కోరుతున్నాను.

ఖాతాదారు పేరు: ........ ఖాతా సంఖ్య: ........ బ్యాంకు, శాఖ: ........ ఐఎఫ్ఎస్‌సీ: ........

2017 మార్చి నుంచి మూసివేత తేదీ వరకు స్టేట్‌మెంటును, అలాగే ఖాతా సంఖ్య, మూసివేసిన తేదీ, బదిలీ చేసిన మొత్తం, యూటీఆర్ సంఖ్య, ఖాతాలో నిల్వ సున్నా అన్న విషయం తెలిపే లేఖను శాఖ ముద్రతో ఇవ్వగలరు. ఏదైనా పత్రం తక్కువైతే అది ఏదో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

(తేదీ, పాత సంతకం, ఇప్పటి సంతకం, చిరునామా, ఫోను నంబరు, జతచేసిన పత్రాల జాబితా)

ఇందులో రెండు చోట్ల మాట మార్చకండి. ‘మూసివేసే తేదీ వరకు రావలసిన వడ్డీతో సహా పూర్తి మొత్తాన్ని’ అన్నది మొదటిది. నా 212 రూపాయల కథ మీకు జరగకుండా చూసేది అదే. రెండోది ‘మూసివేయడం కోసం మాత్రమే’. ఆ మాట లేకపోతే, కేవైసీ ఇచ్చారు కదా, ఖాతా ఉంచుకోండమ్మా, కొత్త కార్డు ఇస్తాం, పనిలో పనిగా ఒక బీమా కూడా అంటూ మొదలవుతుంది. ఆ ఉద్యోగి మీద కోపం వద్దు, పైనుంచి లక్ష్యాలు పెడతారు. కాగితం చూపించి నవ్వి ఊరుకోండి.

ఖాతా సంఖ్యను రెండుసార్లు సరిచూసుకోండి. నెఫ్ట్‌లో డబ్బు జమయ్యేది అంకెల ఆధారంగానే. పేరు సరిగా ఉండి ఒక్క అంకె తప్పితే అది ఇంకొకరి ఖాతాలో పడగలదు. రద్దు చేసిన చెక్కు జతచేయమన్నది అందుకే, ఉద్యోగి అచ్చులో ఉన్న సంఖ్య చూసి కొడతాడు.

బ్యాంకు వాళ్ల సొంత మూసివేత ఫారం ఒకటి ఇస్తారు. అది కూడా నింపండి, దరఖాస్తును దానికి జతచేయండి. ఫారం ఉంది కదా, ఇది అక్కర్లేదు అంటే, ఫారంలో స్టేట్‌మెంటు, లేఖ అడిగే గడి లేదు కదా అనండి.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో ప్రతి మీద శాఖ గుండ్రటి ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోకుండా కౌంటరు వదలకండి. వేయం అంటే గొడవ అక్కర్లేదు. అదే దరఖాస్తును తపాలా కార్యాలయం నుంచి స్పీడ్ పోస్టులో మేనేజరు పేరున పంపి రసీదు దాచుకోండి. పాసుపుస్తకం, చెక్కులు, కార్డు అప్పగిస్తే వాటి సంగతీ ఆ ప్రతి మీదే రాయించుకోండి. అప్పగించే ముందు పాసుపుస్తకంలో ప్రతి పేజీ ఫోటో తీసి ఉంచుకోండి, అది మళ్లీ మీ చేతికి రాకపోవచ్చు.

కేవైసీ పత్రాలను ఆ బ్యాంకు ఏ శాఖలోనైనా ఇవ్వవచ్చు, చిత్తూరులో శాఖ ఉంటే అక్కడా ఇవ్వవచ్చు. మూసివేతకు మాత్రం ఖాతా ఉన్న శాఖకే వెళ్లమనడం సాధారణం. పేరు, సంతకం రెండూ మారిన మీలాంటి వాళ్లు ఒకసారి తిరుపతి వెళ్లి రావడమే మేలని నా అభిప్రాయం. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. నెల మొదటి వారంలో పింఛన్ల రద్దీ ఉంటుంది. నెల మధ్యలో, మంగళవారమో బుధవారమో, పదిన్నరకల్లా అక్కడ ఉండండి.

అదే రోజు అన్నీ అయిపోతాయని ఆశించకండి. పత్రాలన్నీ సరిగా ఇచ్చాక ఖాతాను పునరుద్ధరించడానికి బ్యాంకుకు మూడు పని దినాల గడువుంది, దానికి రుసుము ఏమీ తీసుకోకూడదు. ఆ తర్వాత బదిలీ, మూసివేత. డబ్బు పంపితే అదే రోజు మీ చిత్తూరు ఖాతాలో కనబడాలి. కనబడకపోతే ఆ బదిలీకి బ్యాంకు వేసే గుర్తింపు సంఖ్య, అంటే యూటీఆర్ సంఖ్య అడగండి. నెఫ్ట్‌లో అది అక్షరాలూ అంకెలూ కలిసి పదహారు ఉంటుంది. ఆ సంఖ్య ఇస్తే మీ చిత్తూరు బ్యాంకు వాళ్లే డబ్బు ఎక్కడుందో వెతికి చెబుతారు. సంఖ్య ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా కదలలేదని అర్థం.

ఇక మీరు అడిగిన ఆధారం. డబ్బు వచ్చింది కాబట్టి ఖాతా మూసేశారు అనుకోవడం నేను చేసిన పొరపాటే. డబ్బు వెళ్లడం ఒక పని, మూసివేత ఇంకో పని, రెండోది మేనేజరు స్థాయిలో ఇంకొకరు ఆమోదించాలి. బ్యాంకు లేఖలో ఖాతా ‘మూసివేయబడింది’ అని, తేదీతో ఉండాలి. ‘మూసివేత అభ్యర్థన స్వీకరించబడింది’ అని ఉంటే అది రసీదు మాత్రమే. స్టేట్‌మెంటు చివరి వరుసలో నిల్వ సున్నా ఉందా, ఆ పై వరుసలో వడ్డీ జమ పడిందా అన్నది కూడా చూడండి. వడ్డీ వరుస, బదిలీ వరుస, సున్నా, ఈ మూడూ అదే వరసలో ఉంటే లెక్క సరిపోయినట్టే. పాసుపుస్తకం తిరిగి ఇస్తే దాని మీద మూసివేత ముద్ర వేయించుకోండి, కానీ లేఖకు అది ప్రత్యామ్నాయం అనుకోకండి.

పది రోజులైనా కదలిక లేకపోతే, ముద్ర వేయించుకున్న ప్రతి నకలు జతచేసి మేనేజరుకు రెండో ఉత్తరం ఇవ్వండి, ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికీ పంపండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, అది ఉచితం. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకు మీరు ఎప్పుడు రాశారన్నదే, ముద్రలోని తేదీ అప్పుడు పనికొస్తుంది.